ముఖం కనిపించే ముందు 51 సెకన్లు

(నెల్లూరులో ఒక గ్రంథాలయ వార్షిక సభలో, కావలి ప్రాంతానికి చెందిన ఒక ఫిల్మ్ ఎడిటర్ చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. పిలిచిన పెద్దలకు, సాయంత్రం పూట పనులు మానుకుని వచ్చిన మీకు కృతజ్ఞతలు.

నేను ఎడిటింగ్ గదిలో బతికే మనిషిని. పెద్ద హీరోల సినిమాల్లో ఇంట్రడక్షన్ సీన్లు కొన్నింటిని కూర్చే అవకాశం నాకు దొరికింది. ఎక్కడికి వెళ్ళినా నన్ను అడిగే ప్రశ్న ఒకటే. హీరో నడిచి వస్తే చాలు కదా, ఆ స్లో మోషన్ ఎందుకు? అతను రాకముందు ఇంకొకడు నిలబడి అతని గురించి అంతసేపు చెప్పడం ఎందుకు? ఈ ప్రశ్నను నేను తేలికగా తీసుకోను. ఆ ఒక్క నిమిషం కోసం తెల్లవారుజామున లేచి థియేటర్ దగ్గర నిలబడే పిల్లలను నేను చూశాను. వాళ్ళలో నేనూ ఒకణ్ణి. అందుకే ఈ రోజు ఆ ఒక్క నిమిషం గురించే మాట్లాడతాను. పాటలు, ఫైట్లు, కథలు పక్కన పెడదాం.

నెల్లూరులో నిలబడి మాట్లాడుతున్నాను కాబట్టి తిక్కనతో మొదలుపెట్టాలి. మర్యాద కోసం ఆయన పేరు ఎత్తడం లేదు. ఇంట్రడక్షన్ సీను ఎలా కట్టాలో నాకు తెలిసినంతలో అందరికన్నా బాగా చూపించినవాడు ఆయనే. 13వ శతాబ్దంలో, మనుమసిద్ధి కొలువులో ఉంటూ, ఆయన భారతాన్ని విరాటపర్వం నుంచి అందుకున్నాడు. విరాటపర్వం కథ ఏమిటి? ఒక మహావీరుడు ఏడాదిపాటు ఎవరికీ తెలియకుండా, ఆడవేషంలో, ఒక రాజు ఇంట్లో నాట్యం నేర్పుతూ బతుకుతాడు. గడువు తీరే వేళకు శత్రువు పశువులను తోలుకుపోవడానికి వస్తాడు. అప్పుడు ఆ వీరుడు జమ్మిచెట్టు మీద దాచిన ఆయుధాలు దింపించుకుని బయటికి వస్తాడు. మొదటి సగంలో అమాయకుడిలా తిరిగి, ఇంటర్వెల్ దగ్గర అసలు మనిషి బయటపడే మన మాస్ సినిమాలన్నింటికీ అచ్చు అక్కడే ఉంది.

అర్జునుడు యుద్ధభూమికి వచ్చే తీరు చూడండి. ముందు అతను కనిపించడు, వినిపిస్తాడు. తన శంఖం దేవదత్తాన్ని పూరిస్తాడు. రథం మీదున్న ఉత్తరకుమారుడే ఆ శబ్దానికి వణికిపోతాడు. ఎదుటి సైన్యంలో చర్చ మొదలవుతుంది. ఆ రథం మీద వచ్చేది ఎవరు? ద్రోణుడు ఆ శబ్దాన్ని, శకునాలను గమనించి వచ్చేది అర్జునుడే అంటాడు. కర్ణుడు ఒప్పుకోడు, వస్తే రానీ నేను చూసుకుంటాను అంటాడు. కృపుడు, అశ్వత్థామ కర్ణుణ్ణి మందలిస్తారు. వీళ్ళందరూ ఎవరు? అర్జునుడికి ఎదురు నిలిచినవాళ్ళు. బిల్డప్ డైలాగు అంతా శత్రువుల శిబిరంలోనే నడుస్తుంది.

ఆ సందర్భంలోదే మన పెద్దలకు కంఠతా వచ్చే ఆ శార్దూల పద్యం.

సింగం బాకటితో గుహాంతరమునం జేట్పాటుమై నుండి మా
తంగ స్ఫూర్జిత యూథ దర్శన సముద్యత్క్రోధమై వచ్చు నో
జం గాంతార నివాస ఖిన్నమతి నస్మత్సేనపై వీడె వ
చ్చెం గుంతీసుత మధ్యముండు సమరస్థేమాభిరామాకృతిన్

ఆకలితో గుహలో నీరసించి పడి ఉన్న సింహం, ఏనుగుల గుంపును చూసి కోపంతో లేచి వచ్చినట్టుగా, అడవుల్లో బతికి మనసు నొచ్చుకున్నవాడు మా సైన్యం మీదికి ఇడుగో వచ్చాడు అని భావం. నేను దీన్ని ఎడిటర్ కంటితో చదువుతాను. మొదటి షాట్ సింహం, మనిషి కాదు. తరువాత గుహ. తరువాత ఏనుగులు. తరువాత కోపం. మనిషి పేరు నాలుగో పాదం దాకా రాదు. మూడు పాదాలపాటు మనకు ముఖం చూపించకుండా, వస్తున్న తీరు మాత్రమే చూపించాడు. ‘వచ్చెన్’ అన్న మాట కూడా మూడో పాదం చివర సగం, నాలుగో పాదం మొదట సగం. పద్యపాదం మాట మధ్యలో విరగడం తెలుగులో మామూలే, అది తిక్కన ఒక్కడే చేసింది కాదు. కానీ రాగం తీసి చదివే గాయకుడు ‘వీడె వ’ దగ్గర ఒక్క క్షణం నిలిపి, ఆ తరువాత ‘చ్చెం గుంతీసుత’ అని అందుకుంటే ఏమవుతుందో వినండి. వస్తున్నవాడి అడుగు గాలిలో ఉండిపోతుంది.

ఇంకొక మాట చూడండి, ‘అస్మత్సేన’. మా సేన. ఈ పద్యం కౌరవ పక్షపు నోట వస్తోంది. మనం అర్జునుడి పక్షం. అయినా ఆ నాలుగు పాదాలసేపు తిక్కన మనల్ని తీసుకెళ్ళి కౌరవ సేనలో నిలబెట్టాడు. వస్తున్న సింహానికి ఎదురుగా నిలబెట్టాడు. మాస్ హీరో ప్రవేశంలో జరిగేది ఇదే అని నా నమ్మకం. ఒక నిమిషంపాటు ప్రేక్షకుడు శత్రువు పక్కన నిలబడి, అతని కళ్ళతో, అతని భయంతో హీరోను చూస్తాడు. ముఖం కనిపించిన క్షణంలో ఒక్కసారిగా హీరో పక్కకు దూకుతాడు. ఆ దూకుడే ఈల. మొదటి నుంచీ హీరో పక్కనే కూర్చోబెడితే దూకడానికి దూరం ఉండదు.

ఇప్పుడు స్లో మోషన్ సంగతి. కెమెరా సెకనుకు 24 ఫ్రేములు తీస్తుంది, థియేటర్లో సెకనుకు 24 ఫ్రేములే పడతాయి. అది మామూలు వేగం. సెకనుకు 96 ఫ్రేములు తీసి 24 చొప్పున చూపిస్తే, ఒక సెకనులో జరిగింది తెర మీద 4 సెకన్లు సాగుతుంది. లెక్క ఇంతే. కానీ అలా సాగితే మనకు గొప్పగా ఎందుకు అనిపించాలి? నీరసంగా ఎందుకు అనిపించదు?

దీనికి సమాధానం బావి దగ్గర ఉంది. చేదను పొట్టి తాడుకు కట్టి ఊపితే గబగబా ఊగుతుంది. పొడుగు తాడుకు కట్టి ఊపితే మెల్లగా ఊగుతుంది. తాడు 4 రెట్లు పొడుగైతే ఊపు పట్టే కాలం 2 రెట్లు అవుతుంది. ఊపు 4 రెట్లు మెల్లగా ఉందంటే తాడు 16 రెట్లు పొడుగన్నమాట. ఈ సంగతి చిన్నప్పటి నుంచి మన కళ్ళకు తెలుసు. మేకపిల్ల కాళ్ళు టకటకా ఆడతాయి. ఏనుగు కాలు తీరిగ్గా లేచి తీరిగ్గా దిగుతుంది. మన ఒంగోలు గిత్త నడకే చూడండి. మూపురం ఒక పక్కకు ఒరిగి, ఒక లిప్తపాటు ఆగి, మళ్ళీ ఇటు ఒరుగుతుంది. గంగడోలు అడుగుకు ఒకసారి ఊగుతుంది. దాని బరువు ఎంతో ఎవరూ చెప్పనక్కరలేదు, ఆ ఊపులోనే తెలుస్తుంది.

బొమ్మ ఓడలతో సముద్రయుద్ధాలు తీసేవాళ్ళు ఈ కిటుకునే వాడుకునేవారు. నిజమైన ఓడలో 16వ వంతు బొమ్మ చేసి తొట్టిలో తేలిస్తే, నీళ్ళు చిందే వేగాన్ని బట్టి అది బొమ్మ అని వెంటనే తెలిసిపోతుంది. అదే షాటును 96 ఫ్రేముల వేగంతో తీస్తే ఓడ పెద్దదైపోతుంది. అలలు బరువెక్కుతాయి. ఇప్పుడు హీరో దగ్గరికి రండి. ఆరడుగుల మనిషిని 96 ఫ్రేముల వేగంతో తీసినప్పుడు అతని పంచె చెంగు, అతని కాలి కింద లేచిన దుమ్ము, జుట్టు, అన్నీ 16 రెట్లు పెద్ద ఆకారం చుట్టూ కదిలినట్టు కదులుతాయి. అది అబద్ధమని బుద్ధికి తెలుసు. కంటికి మాత్రం కొండ నడిచి వస్తున్నట్టే ఉంటుంది. కటౌట్లో కట్టెలతో, రంగులతో చేసే పనిని స్లో మోషన్ తెర మీద కాలంతో చేస్తుంది.

అందుకే ఒక జాగ్రత్త ఉంది. పడేది, ఎగిరేది, ఊగేది ఏదో ఒకటి ఫ్రేములో ఉండి తీరాలి. బోసి నేల మీద, గాలి లేని చోట, బిగుతు చొక్కా వేసుకున్న మనిషిని స్లో మోషన్లో నడిపించండి. కావాలనే మెల్లగా నడుస్తున్నాడేమో అనిపిస్తుంది. కంటికి ఒక సాక్షి కావాలి. నీటి చుక్క, ఇసుక, వేపాకు, కండువా, ఏదైనా సరే. గాలిలో ఉన్నదాన్ని ఎవరూ కావాలని మెల్లగా కిందికి పడేయలేరు కాబట్టి కన్ను దాన్ని నమ్ముతుంది. ఇంట్రడక్షన్ సీన్లలో వాన, దుమ్ము, పసుపు కుంకుమలు, ఎండుమిరపకాయలు ఎగరడం అందుకే. అవి అందం కోసం పెట్టారని చాలామంది అనుకుంటారు. వేగానికి సాక్ష్యం చెప్పడం వాటి మొదటి పని.

ఫిల్ము వాడిన రోజుల్లో ఇంకొక కారణం కూడా ఉండేది. 400 అడుగుల ఫిల్ము మామూలు వేగంలో సుమారు నాలుగున్నర నిమిషాలు వస్తుంది. 96 ఫ్రేముల వేగంలో అదే చుట్ట ఒక నిమిషం దాటి కొన్ని సెకన్లకే అయిపోతుంది. పైగా ఒక్కొక్క ఫ్రేముకు దక్కే వెలుగు నాలుగో వంతుకు పడిపోతుంది. అందుకని నడిమధ్యాహ్నపు ఎండో, పెద్ద పెద్ద లైట్లో కావాలి. అంత ఖర్చుతో కూడిన వేగాన్ని ఎవరికి పడితే వాళ్ళకు వాడేవారు కాదు. పెళ్ళిలో పట్టుబట్ట పెట్టినట్టు, పెద్దమనిషి వచ్చినప్పుడే బయటికి తీసేవారు. ప్రేక్షకుడికి ఫిల్ము ధర తెలియకపోయినా ఆ మర్యాద ఎవరికి దక్కుతోందో తెలిసేది. ఇప్పుడు కెమెరాలో ఒక అంకె మారిస్తే చాలు. కారు తలుపు తీసినా, కళ్ళజోడు పెట్టుకున్నా స్లో మోషనే. సినిమా అంతా ఒకే వేగంతో ఈదుతుంటే, హీరో వచ్చినప్పుడు తగ్గించడానికి ఇంక వేగం ఎక్కడ ఉంటుంది? ఈ విషయంలో నాకు బాధ ఉంది. దర్శకులతో వాదించి ఓడిపోయిన రోజులే ఎక్కువ.

సరే, ఒక సీను కట్టి చూపిస్తాను. ఇది ఏ సినిమాలోదీ కాదు, మీ కోసం అల్లుకున్నది. జువ్వలదిన్నె తీరం అనుకోండి. పొద్దున్నే పడవలు వచ్చాయి, ఒడ్డున చేపల వేలం పాట నడుస్తోంది. మామూళ్ళు వసూలు చేసే ముఠా వచ్చింది. ముఠాకు కొత్తగా ఒక నాయకుడు వచ్చాడు, ఈ ఊరు ఎరగడు. అతని పక్కన పాత మనిషి ఒకడు ఉన్నాడు, ఈ ఊరు బాగా ఎరిగినవాడు. ఈ ఇద్దరూ లేకుండా బిల్డప్ కుదరదు. తెలిసినవాడు ఒకడు, తెలియనివాడు ఒకడు కావాలి. తెలియనివాడు అడగాలి, తెలిసినవాడు చెప్పాలి. ఇద్దరూ శత్రువులే అయి ఉండాలి.

నాయకుడు ఒక ముసలమ్మ చేపల గంపను కాలితో తంతాడు. 3 సెకన్లు. ఆ ముసలమ్మ ఏడవదు. “వాడు ఒడ్డుకు వచ్చే వేళయింది, పోండి” అంటుంది. నాయకుడు “ఎవడు వాడు?” అంటాడు. ఇక్కడ పాత మనిషి మాట్లాడాలి. ఈ మాటలకు 25 సెకన్లు ఇస్తాను, అంతకు మించి ఇవ్వను.

ఇక్కడే చాలామంది రచయితలు తప్పటడుగు వేస్తారు. “వాడు మనిషి కాదు సార్, నిప్పు. తుపాను. వాడి పేరు వింటేనే సముద్రం వెనక్కి పోతుంది.” ఇది వినడానికి బరువుగా ఉంటుంది, చెవి దాటితే ఏమీ మిగలదు. ఎందుకంటే ఇందులో ఆ మనిషి చూసింది ఏమీ లేదు. ఇది సాక్ష్యం కాదు, బిరుదు. వందిమాగధులు జీతానికి చదివే బిరుదు. శత్రువు నోట బిరుదు పెడితే, శత్రువు కూడా జీతగాడే అని ప్రేక్షకుడు పసిగట్టేస్తాడు.

నేనైతే రచయితను ఇలా రాయమని అడుగుతాను. “పోయిన ఏడాది ఇదే ఒడ్డుకు పన్నెండు మందిమి వచ్చాం సార్. చేతుల్లో కర్రలు ఉన్నాయి. వాడు వల విప్పుతున్నాడు. మా వైపు చూడకుండా, ఈ ముడి విప్పేదాకా ఆగండి అన్నాడు. ఆగాం. పన్నెండు మందిమీ ఆగాం. ఎందుకు ఆగామో నాకు ఇప్పటికీ తెలియదు.” ఇందులో పొగడ్త ఒక్కటి కూడా లేదు. ఒక అంకె ఉంది, ఒక ముడి ఉంది, ఒక ఆగడం ఉంది. తరువాత ఏం జరిగిందో చెప్పలేదు. ఆ ఖాళీని ప్రేక్షకుడు తనే నింపుకుంటాడు. మనం రాసే ఏ ఫైటూ అతను ఊహించుకున్న ఫైటుకు సాటి రాదు.

ప్రకాశం జిల్లాలో బండలాగుడు పోటీలు చూసినవాళ్ళకు ఈ తేడా బాగా తెలుసు. ఎడ్ల జత బరిలోకి రాకముందు మైకులో ఒకాయన మాట్లాడతాడు. ఊరు పేరు, రైతు పేరు చెబుతాడు. ఆ తరువాత ‘సింహాల్లాంటి గిత్తలు’ అంటే జనం తలకాయ కూడా ఎత్తరు. ‘పోయిన తిరునాళ్ళలో ఈ జతే ఇన్ని అడుగులు లాగింది’ అని అంకె చెప్పగానే కూర్చున్నవాళ్ళు లేస్తారు. ఎందుకంటే ఆ అంకె మీద ఇప్పుడు పరీక్ష జరగబోతోంది. మంచి బిల్డప్ డైలాగు పరీక్షకు నిలబడే మాట అయి ఉండాలి.

మాటలు అయిపోయాయి. 28 సెకన్లు గడిచాయి. ఇక్కడ 2 సెకన్లు నిశ్శబ్దం పెడతాను. వేలం పాట పాడేవాడి గొంతు మధ్యలో ఆగిపోవాలి. ఎవరో వస్తున్నారని చెప్పే సంగీతం కన్నా, అప్పటిదాకా వినిపిస్తున్నది ఆగిపోవడం ఎక్కువ పని చేస్తుంది. రీరికార్డింగులో మొదటి నుంచీ డప్పులు మోగిస్తే ఈ 2 సెకన్లు దొరకవు.

ఆ తరువాత పాదాలు. తడి ఇసుకలో నాలుగు అడుగులు. మామూలు నడకలో సెకనుకు రెండు అడుగులు పడతాయి కాబట్టి ఇది 2 సెకన్ల పని. 96 ఫ్రేముల వేగంలో 8 సెకన్లు. అంటే తెర మీద రెండు సెకన్లకు ఒక అడుగు. సంగీత దర్శకుడు నిమిషానికి 60 దరువుల నడక పెట్టుకుంటే, రెండో దరువుకు ఒకసారి కచ్చితంగా పాదం నేలను తాకుతుంది. ఆ పాదమూ ఆ దరువూ కలిసిన చోట థియేటర్లో నేల మీద కాళ్ళు తట్టడం మొదలవుతుంది. మనం ఏదో మాయ చేశామని కాదు, లెక్క కుదిరింది. కుదరకపోతే, పాదం ఒక చోట, దరువు ఒక చోట పడితే, ఎంత పెద్ద హీరో అయినా జనం తట్టరు. ఏం తేడా వచ్చిందో వాళ్ళు చెప్పలేరు, కానీ తట్టరు.

తరువాత వెనక నుంచి షాటు. జనం పక్కకు తప్పుకుంటున్నారు. 48 ఫ్రేములు, 3 సెకన్ల నడక 6 సెకన్లు అవుతుంది. తరువాత చెయ్యి. తడి వలను భుజం మీద నుంచి దించుతుంటే నీటి చుక్కలు రాలుతున్నాయి. ఒక సెకను పని, 4 సెకన్లు. ఆ తరువాత పాత మనిషి ముఖం, 3 సెకన్లు. ఈ షాటును మాత్రం 24 ఫ్రేముల మామూలు వేగంలోనే ఉంచాలి. అతను గుటక మింగడం మామూలు వేగంలో జరగాలి. ఇది చాలామంది మరిచిపోతారు. అందరినీ స్లో మోషన్లో చూపిస్తే అది వాతావరణం అవుతుంది. ఒక్కడిని మాత్రమే చూపిస్తే అది అతని సొత్తు అవుతుంది. మిగతావాళ్ళు గడియారం చెప్పినట్టు బతుకుతున్నారు, ఈ ఒక్కడి కోసం గడియారం ఆగుతోంది. ఆ నిమిషం ప్రేక్షకుడికి చెప్పే మొదటి సంగతి అదే.

చివరికి ముఖం. వంచిన తల ఎత్తడం ఒక సెకను, 120 ఫ్రేముల వేగంలో 5 సెకన్లు. మొత్తం 56 సెకన్లు. అందులో ముఖం లేనివి 51. ఇంకొక లెక్క చెబుతాను. హీరో నిజంగా నటించింది 7 సెకన్లు. తెర మీద అది 23 సెకన్లు. మిగిలిన 33 సెకన్లు మిగతావాళ్ళవి. ముసలమ్మది, కొత్త నాయకుడిది, పాత మనిషిది, ఆగిపోయిన వేలం పాటది. హీరో పెద్దరికాన్ని మోసేది వాళ్ళు. అందుకే పాత మనిషి వేషానికి మంచి నటుణ్ణి పెట్టమని నేను బతిమాలతాను. అక్కడ డబ్బు మిగుల్చుకుంటే హీరోకే నష్టం.

ముఖం కనిపించాక 8 సెకన్లు నేను ఏ సంగతీ చెప్పను. మాట ఉండదు, కథ ఉండదు. నడక, గాలి, సంగీతం, అంతే. మొదటి రోజు మొదటి ఆటలో ఆ 8 సెకన్లలో ఏం చెప్పినా వినపడదు. కాగితాలు ఎగురుతుంటాయి, ఈలలు పడుతుంటాయి. ఆ సమయం ప్రేక్షకులది. ముఖ్యమైన డైలాగును ముఖం మీద పెట్టి, ఎవరికీ వినపడక, తరువాత కథ అర్థం కాలేదని జనం అంటే తల పట్టుకున్న సందర్భాలు చూశాను. అయితే దీనికి ఒక హద్దు ఉంది. అదే సినిమాను ఇంట్లో ఫోనులో ఒంటరిగా చూసేవారికి ఆ 8 సెకన్లు బోసిగా కనిపిస్తాయి. వాళ్ళది తప్పు కాదు. నిండాల్సిన చోట మనుషులు లేరు, అంతే.

ఈ తెర వెనక నుంచి రావడం సినిమా కనిపెట్టింది కాదు. కూచిపూడి భాగవతంలో ఇద్దరు మనుషులు తెర పట్టుకుని నిలబడితే, సత్యభామ ముందు తన జడను తెర మీద నుంచి ఇవతలికి వేస్తుంది. ముఖం తరువాత. ప్రవేశ దరువులో ఆమె తానెవరో తనే చెప్పుకుంటుంది. మాస్ హీరోకూ సత్యభామకూ తేడా అక్కడే ఉంది. హీరో తన గురించి తాను చెప్పుకుంటే చులకన అవుతాడు. పక్కవాడు చెప్పాలి. మన సినిమాల్లో హీరోయిన్ ప్రవేశం కూడా స్లో మోషన్లోనే ఉంటుంది, కానీ ఆమె గురించి ఎవరూ భయంతో చెప్పరు. ఆమెను చూస్తారు, ఆమె కోసం తప్పుకోరు. ఒకే వేగం, రెండు అర్థాలు. ఇది మారాలని నేను గట్టిగా కోరుకుంటాను.

ఒక పొరపాటు గురించి చెప్పి తీరాలి. ఒక సినిమాలో హీరో ప్రవేశాన్ని మామూలు 24 ఫ్రేముల వేగంలోనే తీసుకొచ్చారు. వెలుగు పోతోందని తొందరపడ్డారు. తరువాత ఎడిటింగులో స్లో చేయమన్నారు. 24 ఫ్రేములను నాలుగింతలు సాగదీస్తే సెకనుకు 6 కొత్త బొమ్మలే మిగులుతాయి, ఒక్కొక్కటి నాలుగుసార్లు కనిపిస్తుంది. నడక కుంటుతుంది. మధ్య ఫ్రేములను కంప్యూటర్ చేత అల్లించాం. అప్పుడు ఒక కాలు ఇంకొక కాలిని దాటే చోట అంచులు మైనంలా కరిగాయి. వేళ్ళు అతుక్కుపోయాయి. మీరూ గమనించవచ్చు. ఎప్పుడైనా స్లో మోషన్ షాటులో కాళ్ళు దాటే చోటును, వేళ్ళ సందులను, బండి చక్రం పుల్లలను చూడండి. నిజంగా వేగంగా తీసినదైతే ప్రతి పుల్ల అంచు స్పష్టంగా ఉంటుంది. ఆ సీనుకు థియేటర్లో ఈలలు పడ్డాయి, అభిమానులు మంచివాళ్ళు. కానీ రెండో వారంలో, కుటుంబాలు వచ్చే ఆటల్లో, ఆ చోట హాలు నిశ్శబ్దంగా ఉండేది. ఆ నిశ్శబ్దం నాకు ఇప్పటికీ గుర్తుంది.

ఇంక చివరిది, నాకు అన్నింటికన్నా ముఖ్యమైనది. ముఖం చూపించాక, ఈలలు ఆగాక, అతను చేసే మొదటి పని ఏమిటి? అంతసేపు పెంచిన బలాన్ని అతను ముందుగా ఎక్కడ పెడతాడు? తిక్కన భారతంలో అర్జునుడి మొదటి బాణాలు ఎవరినీ చంపవు. రెండు బాణాలు ద్రోణుడి పాదాల దగ్గర పడతాయి, రెండు ఆయన చెవుల పక్కగా దూసుకుపోతాయి. గురువుకు నమస్కారం, కుశలప్రశ్న. అంత సైన్యం వణుకుతుండగా, సింహం వచ్చిందని అందరూ అనుకున్నాక, వచ్చినవాడు ముందు నమస్కారం పెట్టాడు. ఆ నాలుగు బాణాలతో ఇతను ఎంత గురి ఉన్నవాడో తెలిసింది, ఎవరిని కొట్టడో కూడా తెలిసింది. బలం ఎంత ఉందో స్లో మోషన్ చెబుతుంది, బిల్డప్ చెబుతుంది. ఆ బలానికి కట్టు ఎక్కడ ఉందో మొదటి పని ఒక్కటే చెబుతుంది. అది చెప్పని ప్రవేశాలు ఈ మధ్య ఎక్కువయ్యాయి. ముఖం, వెంటనే తల పగలగొట్టడం. అప్పుడు ప్రేక్షకుడు శత్రువు పక్క నుంచి హీరో పక్కకు దూకడానికి కారణం ఏముంది? ఇద్దరూ కొట్టేవాళ్ళే.

ఊరి జనం సంగతి కూడా ఇక్కడే ఉంది. హీరోను పెద్ద చేయడానికి ఊరంతటినీ చేతకానివాళ్ళుగా చూపిస్తే, మన తీరంలో చేపలు పట్టే మనిషి ఆ హాల్లో కూర్చుని ఏమనుకోవాలి? తుపానులో పడవ నడిపినవాడు అతను. అందుకే నా సీనులో ముసలమ్మ ఏడవదు, ముందు ఆమే ఎదురు చెబుతుంది.

జువ్వలదిన్నె సీను ఇంకా పూర్తి కాలేదు. ముఖం కనిపించింది, 8 సెకన్లు గడిచాయి. ఇక్కడి నుంచి అంతా 24 ఫ్రేములే. అతను కొత్త నాయకుడి వైపు చూడడు. వంగి, తన్నిన గంపను నిలబెడతాడు. ఇసుకలో పడిన చేపలను ఒక్కొక్కటే తీసి, నీళ్ళలో కడిగి గంపలో వేస్తాడు. ముసలమ్మ కూడా వంగి వేస్తుంది. కొత్త నాయకుడు కర్ర ఎత్తుతాడు. అతను తల ఎత్తకుండానే, “ఈ గంప నిండేదాకా ఆగండి” అంటాడు. అప్పుడు నేను పాత మనిషి మీదికి కట్ చేస్తాను. ఒకటిన్నర సెకను. అతను తన చేతిలోని కర్రను చప్పుడు కాకుండా ఇసుక మీద పెట్టేస్తాడు.